ప్రభుత్వం పెట్టిన రూపాయి ఎన్ని రూపాయలవుతుంది? కోశ గుణకం లెక్క, దానిపై తెగని తగవు

విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కళాశాలలో నేను స్థూల అర్థశాస్త్రం చెబుతాను. ఉద్దీపన వ్యయం మీద ఈమధ్య ఇచ్చిన అసైన్‌మెంటులో ప్రశ్న ఇది: 2020 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ఆత్మనిర్భర్ భారత్ ప్యాకేజీ దేశ ఆదాయాన్ని ఎంత పెంచి ఉండవచ్చో గుణకం సాయంతో, అంటే ఖర్చుకు ఆదాయం ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే అంకెతో, అంచనా వేయండి, ఆ గుణకం పరిమాణం గురించి అర్థశాస్త్రవేత్తలు ఎందుకు ఏకీభవించరో రాయండి. తరగతిలో బాగా చదివే ఒక అమ్మాయి మొదటి భాగాన్ని నాలుగు వరుసల్లో ముగించింది. ఉపాంత వినియోగ ప్రవృత్తి 0.8 అనుకుంది, అంటే చేతికి అదనంగా వచ్చిన ప్రతి రూపాయిలో 80 పైసలు ఖర్చవుతాయన్న మాట. పాఠ్యపుస్తకంలోని సూత్రం `k = 1 / (1 − c)` లో ఆ అంకె వేస్తే గుణకం 5 వచ్చింది. ప్యాకేజీ విలువ 20 లక్షల కోట్ల రూపాయలు కాబట్టి ఆదాయంలో పెరుగుదల 100 లక్షల కోట్లని తేల్చింది.

కూడికల్లో, గుణకారంలో ఎక్కడా తప్పు లేదు. కానీ అప్పటికి భారతదేశపు జీడీపీ మొత్తమే దాదాపు 200 లక్షల కోట్లు. ఒక్క ప్యాకేజీతో దేశ ఆదాయం ఒకటిన్నర రెట్లు అయివుండాలని ఆ జవాబు చెబుతోంది. వాస్తవంలో 2020-21లో జీడీపీ పెరగకపోగా తగ్గింది. ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుని లెక్క ఎక్కడ దారి తప్పిందో వెతుక్కుంటూ వెళితే, అర్థశాస్త్రవేత్తల తగవు కూడా దాదాపు ఆ దారిలోనే ఎదురవుతుంది.

మొదటి తప్పు గుణకంలో లేదు, దేన్ని గుణించామన్న దానిలో ఉంది. గుణకం సూత్రంలోకి వెళ్లవలసింది ప్రభుత్వం వస్తువులకూ సేవలకూ నేరుగా చెల్లించే సొమ్ము మాత్రమే, ఎందుకంటే ఆ చెల్లింపు జరిగిన క్షణానే అది ఎవరో ఒకరి ఆదాయం అవుతుంది. 2020 నాటి 20 లక్షల కోట్లలో 8 లక్షల కోట్లకు పైగా రిజర్వు బ్యాంకు వ్యవస్థలోకి వదిలిన ద్రవ్య లభ్యత, అంటే బ్యాంకులు అప్పులివ్వడానికి అందుబాటులో ఉంచిన డబ్బు. చిన్న పరిశ్రమలకు ప్రకటించిన 3 లక్షల కోట్లు బ్యాంకులు ఇచ్చే అప్పులు. ప్రభుత్వం ఇచ్చింది వాటికి హామీ. అప్పు తీసుకున్న గాజువాకలోని ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్ యజమాని ఆ డబ్బుతో జీతాలిస్తే అది కొంత ఆదాయం అవుతుంది, పాత బాకీ తీర్చుకుంటే ఏమీ కాదు, అసలు అప్పే తీసుకోకపోతే హామీ కాగితం మీదే ఉండిపోతుంది. వీటన్నింటినీ ఖర్చుతో కలిపి ఒకే మొత్తంగా గుణించడం అంటే, బజారుకు తీసుకెళ్లిన డబ్బునూ బ్యాంకులో అప్పు పుడుతుందన్న భరోసానూ కలిపి రెండూ ఖర్చుపెట్టాననుకోవడమే.

పేదలకు నగదుగా ఇచ్చినది కూడా సూత్రంలోకి యథాతథంగా వెళ్లదు. 2020 ఏప్రిల్ నుంచి మూడు నెలలపాటు మహిళల జన్‌ధన్ ఖాతాల్లో నెలకు 500 రూపాయల చొప్పున పడ్డాయి. ఇది బదిలీ చెల్లింపు. ప్రభుత్వం దీనికి బదులుగా ఏ పనీ, ఏ వస్తువూ తీసుకోలేదు గనుక జమ అయిన 500 జీడీపీలో చేరదు. ఆ మహిళ అందులోంచి 400 పెట్టి బియ్యమో నూనెనో కొన్నప్పుడే లెక్క మొదలవుతుంది. మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు బదిలీ గుణకం కొనుగోలు గుణకం కంటే చిన్నదిగా ఉండడానికి కారణం ఇదే, మొదటి మెట్టు దానికి లేదు.

ఇక గుణకం సంగతి. ఈ ఆలోచనకు గణిత రూపం ఇచ్చినవాడు కేంబ్రిడ్జికి చెందిన రిచర్డ్ కాన్, 1931లో. ఐదేళ్ల తర్వాత 1936లో కీన్స్ దాన్ని తన సిద్ధాంతానికి నడుముగా చేసుకున్నాడు. ఒకరి ఖర్చు మరొకరి ఆదాయం, ఆ ఆదాయంలో కొంత మళ్లీ ఖర్చు, అది ఇంకొకరి ఆదాయం. ఇలా ప్రతి చుట్టులోనూ సన్నబడుతూ సాగే వరుసను కూడితే గుణకం వస్తుంది. సూత్రం అర్థం కావాలంటే ఆ చుట్లను కళ్లారా చూడడం మంచిది. అందుకే విద్యార్థులకు కంచరపాలెంలో ఒక రోడ్డూ దాని పక్కన కాలువా ఊహించుకోమని చెబుతాను. ఇక్కడ వేసే అంకెలన్నీ లెక్క చూపడానికి నేను అనుకున్నవే, ఏ టెండరులోనివీ కావు.

పని విలువ 100 కోట్లనుకుందాం. అందులో 10 కోట్లు దిగుమతి యంత్రాలకూ, తారు వెనక ఉన్న ముడిచమురుకూ దేశం దాటిపోతాయనుకుంటే, మొదటి చుట్టులో దేశంలో ఆదాయంగా మారేది 90 కోట్లు. ఇది ఎవరి ఆదాయం? కంకర క్వారీ యజమానిది, సిమెంటు డీలరుది, లారీ డ్రైవరుది, సెంట్రింగ్ మేస్త్రీది, శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి సైటు దగ్గరే రేకుల షెడ్డు వేసుకున్న కూలీలది, చివరకు కాంట్రాక్టరుది. వీళ్ల చేతికి వచ్చిన ప్రతి రూపాయిలో సగటున 15 పైసలు ఏదో ఒక రూపంలో పన్నుగా పోతాయనుకుందాం. కూలీకి ఆదాయపు పన్ను లేకపోయినా సబ్బు మీద జీఎస్‌టీ ఉంది. మిగిలిన 85 పైసల్లో 80 శాతం, అంటే 68 పైసలు ఖర్చవుతాయి. అందులో నాలుగో వంతు విదేశీ సరుకు మీద వెళుతుంది, పామాయిల్ గానీ, పెట్రోలు గానీ, మొబైల్ ఫోను లోపలి భాగాలు గానీ. చివరికి దేశంలో మరొకరి ఆదాయంగా మారేది 51 పైసలు.

అంటే 90 కోట్ల తర్వాతి చుట్టు దాదాపు 46 కోట్లు, ఆ తర్వాతిది 23 కోట్లు, ఆపైన 12, ఆపైన 6. ఐదు చుట్లు తిరిగేసరికి 177 కోట్లయింది. అనంతంగా కూడినా 184 కోట్లు దాటదు. గుణకం 1.84. పాఠ్యపుస్తకపు 5 ఎక్కడికి పోయిందని విద్యార్థులు అడుగుతారు. ఆ 5 ఏ పన్నూ వేయని, ఏ వస్తువూ దిగుమతి చేసుకోని దేశానిది. అలాంటి దేశం బ్లాక్‌బోర్డు మీద తప్ప ఉండదు. సూత్రం తప్పు కాదు, దాని హారంలో ఉండవలసిన లీకేజీలను మనం రాయలేదంతే. ఇదే 100 కోట్లను నగదు బదిలీగా ఇస్తే, 80 కోట్లు ఖర్చై, అందులో 60 కోట్లు దేశంలో నిలిచి, గుణకం 1.22 వద్ద ఆగుతుంది.

ఇంతవరకూ తగవు పెద్దగా లేదు. పన్ను రేటునూ దిగుమతుల వాటానూ ఎవరైనా లెక్కగట్టవచ్చు. అసలు తగవు ఈ లెక్కలో కనిపించని ఒక ఊహ దగ్గర మొదలవుతుంది: ప్రభుత్వం 100 కోట్లు ఖర్చుపెట్టినప్పుడు మిగతా ఆర్థిక వ్యవస్థ తన పని తాను చేసుకుంటూ ఉంటుందని, ఎవరూ దానికి ప్రతిస్పందించరని మనం అనుకున్నాం. కాని మేస్త్రీ ఆ రోజు ఖాళీగా ఉన్నాడా, లేక మధురవాడలో ఒక అపార్ట్‌మెంటు పని వదిలి ఇక్కడికి వచ్చాడా? ఆ పని వదిలి వచ్చివుంటే కంచరపాలెంలో పుట్టిన ఆదాయం మధురవాడలో పోయిన ఆదాయం. ప్రభుత్వం అప్పు చేసి ఈ పని చేయిస్తుంటే, ఆ అప్పు వల్ల వడ్డీ పెరిగి ఎవరైనా ఇల్లు కట్టుకోవడం వాయిదా వేశారా? ఈ ప్రశ్నలకు సూత్రంలో జవాబు లేదు. 2009లో అమెరికాలో జరిగిన వివాదం ఇక్కడే రాజుకుంది.

2009 ఫిబ్రవరిలో అమెరికా 787 బిలియన్ డాలర్ల ఉద్దీపన చట్టం చేసింది. దానికి ముందు, జనవరిలో, కొత్త అధ్యక్షుడి సలహాదారులు క్రిస్టినా రోమర్, జేరెడ్ బెర్న్‌స్టీన్ ఒక నివేదిక ఇచ్చారు. ప్రభుత్వ కొనుగోళ్ల గుణకం దాదాపు 1.6 అని, పన్ను తగ్గింపు గుణకం దాదాపు 1 అని వాళ్లు వాడిన అంకెలు. ఆ తర్వాత జాన్ కోగన్, జాన్ టేలర్, మరి ఇద్దరు పరిశోధకులు కలిసి మరో నమూనాతో లెక్కవేసి, ప్రభావం రోమర్ బృందం చెప్పినదానిలో దాదాపు ఆరో వంతేనన్నారు. అదే దేశం, అదే చట్టం; ఒకరి అంకె మరొకరి అంకెకు ఆరు రెట్లు.

వీళ్ల మధ్య తేడా ఉపాంత వినియోగ ప్రవృత్తి గురించి కాదు. మొదటి నివేదికలో కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు నాలుగేళ్లపాటు కదలదన్న ఊహ ఉంది. రెండో నమూనాలో ఆర్థిక వ్యవస్థ కోలుకునే కొద్దీ వడ్డీ పెరుగుతుంది, ప్రైవేటు పెట్టుబడి వెనక్కి తగ్గుతుంది. అంతేగాక ఈ అప్పును రేపు పన్నులతోనే తీర్చాలని గ్రహించిన కుటుంబాలు ఇప్పటినుంచే ఖర్చు తగ్గించుకుంటాయి. ఈ రెండో భాగం నాకు ఎప్పుడూ పూర్తిగా మింగుడుపడదు. మన కంచరపాలెం కూలీ కేంద్ర ప్రభుత్వ అప్పుల లెక్క చూసి టిఫిన్ మానుకుంటాడని నేననుకోను. కానీ వడ్డీ గురించిన వాదన అలా కొట్టిపారేసేది కాదు. కేంద్ర బ్యాంకు ఏం చేస్తుందన్నది గుణకానికి బయటి విషయం కాదు, గుణకంలో భాగమే. వడ్డీ అప్పటికే సున్నాకు చేరి, ఇక చాలాకాలం పెరగదని అందరికీ తెలిసినప్పుడు గుణకం బాగా పెద్దదవుతుందని క్రిస్టియానో, ఐకెన్‌బామ్, రెబెలో 2011లో చూపించారు. ద్రవ్యోల్బణం ఎక్కువై కేంద్ర బ్యాంకు వడ్డీని పెంచుతున్న రోజుల్లో అదే రోడ్డు పని గుణకం చిన్నదవుతుంది.

ఇన్ని నమూనాలెందుకు, జరిగిన తర్వాత కొలిచి చూస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజం. 2009 అనుభవమే దానికి జవాబు. ఉద్దీపన ఉంటే నిరుద్యోగం 8 శాతం దగ్గర ఆగుతుందని రోమర్ నివేదిక అంచనా. 2009 అక్టోబరులో అది 10 శాతానికి చేరింది. గుణకం చిన్నదని ఇది రుజువు చేసిందని ఒక పక్షం అంది. ఉద్దీపన లేకపోతే నిరుద్యోగం ఇంకా పెరిగేదని, ఆర్థిక వ్యవస్థ అప్పటికే అనుకున్నదానికంటే లోతుగా పడిపోయిందని మరో పక్షం అంది. రెండో పక్షానికి గట్టి ఆధారమే ఉంది. 2008 చివరి త్రైమాసికంలో జీడీపీ వార్షిక రేటున 3.8 శాతం తగ్గిందని మొదట ప్రకటించిన అంకె, తర్వాతి సవరణల్లో 8 శాతం దాటింది. అంటే ప్రణాళిక రాసినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది రోగి అసలు జ్వరం కాదు. అయినా ఇది మొదటి పక్షాన్ని ఓడించదు. ఉద్దీపన లేని అమెరికాను ఎవరూ చూడలేదు, చూడలేరు.

ఈ చిక్కును మన ఊరివాళ్లకు హుద్‌హుద్ తుపాను గుర్తుచేసి చెబితే తేలికగా పట్టుకుంటారు. 2014 అక్టోబరు 12న తుపాను విశాఖను తాకింది. ఆ తర్వాతి నెలల్లో కరెంటు స్తంభాలకూ, రోడ్లకూ, కూలిన చెట్లు తొలగించడానికీ ప్రభుత్వం ఎక్కువగా ఖర్చుపెట్టింది; అదే నెలల్లో ఊరి వ్యాపారాలు దెబ్బతిన్నాయి. ఈ రెండు వరుసల అంకెలను పక్కపక్కన పెట్టి చూసే అమాయకుడు ప్రభుత్వ ఖర్చు పెరిగితే ఆదాయం తగ్గుతుందని తేల్చేస్తాడు. మాంద్యం విషయంలోనూ ఇంతే: పరిస్థితి చెడినప్పుడే ప్రభుత్వం ఎక్కువ ఖర్చు చేస్తుంది కాబట్టి ఖర్చుకూ ఆదాయానికీ నేరుగా పోలిక తీస్తే కారణమూ ఫలితమూ తారుమారవుతాయి. కనుక ఆర్థిక పరిస్థితితో సంబంధం లేకుండా పెరిగిన ప్రభుత్వ ఖర్చు ఒకటి దొరకాలి.

అలాంటిది యుద్ధవ్యయం. యుద్ధాలు నిరుద్యోగం చూసి రావు. అందుకే ఈ రంగంలోని పరిశోధనలో చాలా భాగం అమెరికా సైనిక బడ్జెట్ చుట్టూ తిరుగుతుంది. రాబర్ట్ బారో రెండో ప్రపంచయుద్ధపు లెక్కలతో 2009లో గుణకం 0.8 అన్నాడు, అంటే ప్రభుత్వం పెట్టిన డాలరుకు ప్రైవేటు రంగంలో 20 సెంట్లు తగ్గాయి. అయితే ఆ యుద్ధకాలంలో అమెరికాలో పౌరులకు కార్లే తయారు చేయలేదు, అనేక సరుకులకు రేషను. చేతిలో జీతం ఉన్నా కొనడానికి సరుకు లేనప్పుడు రెండో చుట్టు ఎలా తిరుగుతుంది? ఈ అభ్యంతరం చదివినప్పుడు నాకు 2020 ఏప్రిల్ గుర్తొస్తుంది. జన్‌ధన్ ఖాతాలో 500 పడ్డ మహిళకు కిరాణా సరుకు దొరికింది. కానీ చీరల దుకాణం, టైలరు, ఆటో, హోటలు మూతపడి ఉన్నాయి. రిజర్వు బ్యాంకు మే నెలలో రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4 శాతానికి దించింది కాబట్టి వడ్డీ కోణంలో చూస్తే గుణకం పెద్దదిగా ఉండవలసిన కాలమది, దుకాణాల షట్టర్ల కోణంలో చూస్తే చిన్నదిగా ఉండవలసిన కాలం. ఏది ఎంత లాగిందో అంకెల్లో విడదీయడం అంత సులువు కాదు.

యుద్ధవ్యయంలో మరో చిక్కును వాలెరీ రామీ పట్టుకుంది. ప్రభుత్వం డబ్బు చెల్లించే రోజు, ఆ ఖర్చు జరగబోతోందని జనానికి తెలిసే రోజు ఒకటి కావు. దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను విశాఖ కేంద్రంగా 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. ఈ మధ్యకాలంలో స్థలం కొన్నవాళ్లూ హోటలు కట్టాలనుకున్నవాళ్లూ ఖజానా చెల్లింపు కోసం ఆగుతారా? చెల్లింపుల తేదీ నుంచి లెక్క మొదలుపెట్టే పరిశోధకుడికి ఆ ముందస్తు కదలికంతా కనబడదు. రామీ పాత పత్రికలు తిరగేసి, సైనిక వ్యయం పెరగబోతోందన్న వార్త ఎప్పుడు వచ్చిందో ఆ తేదీలతో ఒక వరుస తయారు చేసింది. దానితో 2011లో ఆమెకు వచ్చిన గుణకం 0.6 నుంచి 1.2 వరకు. ఇదే అంకె ఒకటికి ఇటూ అటూ ఉండడం చూడండి: ఒకటి దాటితే ప్రభుత్వ ఖర్చు ప్రైవేటు ఖర్చును కూడా లాక్కొస్తోంది, దాటకపోతే దాన్ని కొంత తోసేస్తోంది. వివాదం 5కీ 2కీ మధ్య కాదు, ఒకటి అనే గీతకు ఏ వైపు అన్నదే.

ఇప్పుడు విశాఖవాసికి అన్నిటికంటే ఆసక్తి కలిగించే అధ్యయనం. ఎమీ నాకమురా, యోన్ స్టైన్సన్ 2014లో ప్రచురించిన పరిశోధనలో దేశం మొత్తాన్ని వదిలి అమెరికా రాష్ట్రాలను ఒకదానితో ఒకటి పోల్చారు. దేశ సైనిక బడ్జెట్ పెరిగినప్పుడు కాలిఫోర్నియాకు ఆర్డర్లు బాగా పెరుగుతాయి, ఇల్లినాయికి అంతగా పెరగవు. అప్పుడు రెండు రాష్ట్రాల ఆదాయాల్లో తేడా ఎంత వచ్చిందో చూస్తే చాలు. తూర్పు నౌకాదళ కేంద్రం, నావల్ డాక్‌యార్డు, హిందుస్థాన్ షిప్‌యార్డు ఉన్న మన ఊరినీ, అలాంటివేవీ లేని అనంతపురాన్నీ నౌకాదళం బడ్జెట్ పెరిగిన సంవత్సరాల్లో పోల్చినట్టు. వాళ్లకు వచ్చిన గుణకం దాదాపు 1.5.

ఇది మొదట వింతగా అనిపించాలి. ఊరు చిన్నదయ్యే కొద్దీ లీకేజీలు పెరుగుతాయి కదా. మన కంచరపాలెం రోడ్డునే దేశానికి కాక ఒక్క విశాఖకు లెక్కగడదాం. సిమెంటు బయటిది, కాంట్రాక్టరు లాభం హైదరాబాదు వెళ్లింది, శ్రీకాకుళం కూలీ సంపాదనలో సగం శనివారం బస్సెక్కింది. 100 కోట్లలో మొదటి చుట్టుకు ఊళ్లో నిలిచేది 55 కోట్లనుకుందాం. ఆపైన ఖర్చయ్యే 68 పైసల్లోనూ 40 శాతమే ఊళ్లో మరొకరి ఆదాయమవుతుంది, ఎందుకంటే బియ్యం గోదావరి జిల్లాలది, చీర సూరత్‌ది. అలా కూడితే దాదాపు 76 కోట్లే వస్తాయి, గుణకం 0.76. మరి రాష్ట్రాల పోలికలో 1.5 ఎలా వచ్చింది?

అమెరికా రాష్ట్రం మన ఊరికంటే చాలా పెద్దదన్నది కొంత జవాబు. మిగతా జవాబు ఆ పోలిక పద్ధతిలో ఉంది. కాలిఫోర్నియాలో ఖర్చు పెరిగిందని కేంద్ర బ్యాంకు కాలిఫోర్నియాకు మాత్రమే వడ్డీ పెంచలేదు. పెంచితే ఇల్లినాయికీ పెరుగుతుంది, రెండింటినీ తీసివేసినప్పుడు ఆ ప్రభావం లెక్కలోంచి జారిపోతుంది. ఆ ఖర్చుకు పన్ను కట్టేది దేశం మొత్తం; అదీ తీసివేతలో పోతుంది. మిగిలేది వడ్డీ పెరగని, బిల్లు ఇతరులు కట్టే చోటి గుణకం. విశాఖలో యుద్ధనౌక కట్టించడానికి అనంతపురం కూడా పన్ను కడుతుందని ఇక్కడివాళ్లకు ఎప్పుడూ గుర్తుండదు, అంకెకూ గుర్తుండదు. అందుకే ఆ 1.5ను తీసుకుని దేశవ్యాప్త ప్యాకేజీని గుణించకూడదు. అలాగని దాన్ని తోసిపుచ్చడమూ తగదు: వడ్డీ అడ్డుపడనప్పుడు గిరాకీ నిజంగానే ఆదాయాన్ని పెంచుతుందనడానికి ఇంతకంటే శుభ్రమైన సాక్ష్యం తక్కువ. కొలత తప్పు కాదు, అది వేరే ప్రశ్నకు జవాబు. నా అభిప్రాయంలో గుణకం మీద జరిగే తగవులో సగం, ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును మరో ప్రశ్న ముందు పెట్టడం వల్ల వచ్చినదే.

మాంద్యంలో గుణకం పెద్దదవుతుందన్న మాటకు మాత్రం ఇంకా స్పష్టమైన తీర్పు లేదు. ఖాళీగా ఉన్న మేస్త్రీ తర్కం ప్రకారం పెద్దదవ్వాలి. ఔర్‌బాక్, గొరోద్నిచెంకో 2012లో అలాగే కనుగొన్నారు. రామీ, జుబైరీ 2018లో వందేళ్లకు పైబడిన అమెరికా లెక్కలతో చూసి, నిరుద్యోగం ఎక్కువగా ఉన్న కాలాల్లోనూ గుణకం సాధారణంగా ఒకటి లోపే ఉందన్నారు. తర్కం ఎంత ఒప్పించేదిగా ఉన్నా కొలత దానికి ఇంకా పూర్తిగా లొంగలేదు.

భారతదేశానికి ఎక్కువగా ఉటంకించే అంకెలు జాతీయ పబ్లిక్ ఫైనాన్స్, పాలసీ సంస్థలో సుకన్య బోస్, ఎన్.ఆర్. భానుమూర్తి 2013లో ఇచ్చినవి. మూలధన వ్యయానికి గుణకం 2.45, బదిలీ చెల్లింపులకు 0.98. మన రోడ్డు లెక్కలో 1.84, 1.22 వచ్చిన వరుస క్రమం ఇక్కడా ఉంది, దూరం మాత్రం ఇంకా ఎక్కువ. రోడ్డు పూర్తయ్యాక లారీ త్వరగా తిరగడం, దాని పక్కన గోడౌను రావడం చుట్ల లెక్కలో లేని లాభాలు. ఆ నమూనా వాటికి చోటిచ్చింది. అయితే అది సమీకరణాలు ఒకదానికొకటి బిగించిన నమూనాలోంచి వచ్చిన అంకె. కాలిఫోర్నియా, ఇల్లినాయి పోలికలా సంఘటనల నుంచి విడదీసినది కాదు. పైగా మూలధన వ్యయం అనే పద్దు కింద రాసినంత మాత్రాన రోడ్డు రాదు. పాత బిల్లుల బకాయి తీర్చినా ఆ పద్దు కిందే పడుతుంది. భూసేకరణ దగ్గర ఆగిన పనికి కేటాయింపు ఉంటుంది గాని మేస్త్రీ ఉండడు. 2.45ను బడ్జెట్ కేటాయింపుతో గుణించే వక్తలు ఈ తేడా చెప్పరు.

ఆ అమ్మాయిని పిలిచి మళ్లీ రాయమన్నాను. సార్, మరి ఏ అంకె వెయ్యాలి అని అడిగింది. ఒక్కటి వేయవద్దని, వేసిన ప్రతి అంకె పక్కన దాని షరతు రాయమని చెప్పాను. రెండోసారి ఆమె ఇచ్చిన కాగితంలో 20 లక్షల కోట్లు లేవు. ఖజానా నుంచి నేరుగా బయటికి వెళ్లిన భాగం 2 లక్షల కోట్లని ఊహించుకుని, అది ఊహేనని మొదటి వరుసలోనే రాసింది. దుకాణాలు మూసివుండి రెండో చుట్టు తెగిపోతే గుణకం 0.6, వడ్డీ తక్కువగా ఉండి దుకాణాలు తెరుచుకుంటే 1.8 అని రెండు హద్దులు పెట్టుకుంది. ఆదాయంలో పెరుగుదల 1.2 లక్షల కోట్ల నుంచి 3.6 లక్షల కోట్ల వరకు, జీడీపీలో 0.6 శాతం నుంచి 1.8 శాతం. ఆ ఏడు జీడీపీ తగ్గింది కదా అన్న ప్రశ్నను కూడా తానే వేసుకుని, ప్యాకేజీ లేకపోతే ఇంకా ఈ మేరకు తగ్గివుండేదని ఈ లెక్క చెబుతోందని, దాన్ని సరిచూడడానికి ప్యాకేజీ లేని 2020 మనకు దొరకదని రాసింది. పాత సూత్రం `k = 1 / (1 − c)` ను కొట్టివేయలేదు. దాని కింద చిన్న అక్షరాలతో "పన్నులు, దిగుమతులు, వడ్డీ మార్పు లేనప్పుడు" అని ఉంది.